ఉద్యోగం హోల్డ్‌లో పడింది, అభ్యర్థికి ఏమని రాయాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిక్రూటర్‌ని. నాలుగు జావా డెవలపర్ పోస్టులకు రెండు నెలలుగా ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. మొన్న సోమవారం ఉన్నట్టుండి హైరింగ్ ఆపేయమన్నారు. అమెరికా క్లయింటు బడ్జెట్ తేలేదాకా అంతేనట. తొమ్మిది మంది మధ్యలో ఉన్నారు. ఒకాయనతో జీతం కూడా మాట్లాడేశాం, ఆఫర్ లెటర్ పంపడమే మిగిలింది. “పేపర్ పెట్టేయనా మేడమ్?” అని రోజూ అడుగుతున్నారు. మా మేనేజరేమో “అప్రూవల్‌లో ఉందని చెప్పు, వాళ్లని వార్మ్‌గా ఉంచు” అంటున్నారు. నిజం చెబితే అందరూ వెళ్లిపోతారని ఆయన భయం. నాకేమో ఫోన్ మోగితే టెన్షన్. వాళ్లకి ఏమని రాయాలి, ఎంతవరకు చెప్పాలి?
— ఒక రిక్రూటర్, మాదాపూర్

జవాబు: మిగతా ఎనిమిది మంది సంగతి రేపు చూద్దాం. జీతం మాట్లాడుకున్న ఆయనకు మాత్రం ఈరోజు సాయంత్రం లోపే ఫోన్ చేయండి. మెయిల్ కాదు, ఫోన్. ఆయన ఒక్క బటన్ నొక్కితే చేస్తున్న ఉద్యోగం పోతుంది. మిగతావాళ్లకు పోయేది ఇంకో నాలుగు రోజుల ఎదురుచూపు మాత్రమే. ఎవరికి ముందు చెప్పాలన్న ప్రశ్నకు ఇదే కొలత: ఎవరు మీ మాట నమ్మి ఎక్కువ పోగొట్టుకునే స్థితిలో ఉన్నారో వాళ్లకి ముందు. ఇంటర్వ్యూలో ఎవరు బాగా చేశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఫోన్లో చుట్టూ తిప్పి మాట్లాడకండి. “బాగున్నారా, ప్రాజెక్ట్ ఎలా ఉంది” అని మొదలుపెడితే ఆయన ఆఫర్ వచ్చేసిందనుకుంటారు. ఇలా చెప్పవచ్చు: “నమస్తే అండీ. మీకు ఇబ్బంది కలిగించే విషయం చెప్పడానికి చేస్తున్నాను. ఈ పోస్టుకు మా కంపెనీ హైరింగ్ ఆపేసింది. మనం జీతం మాట్లాడుకున్న మాట నిజమే, కానీ ఆఫర్ లెటర్ ఇప్పుడు రాదు. ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. తప్పకుండా వస్తుందని కూడా చెప్పలేను. కాబట్టి మా ఆఫర్‌ని నమ్ముకుని పేపర్ పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే నాకు చెప్పండి.” ఇంతే. తర్వాత కాసేపు ఆయన్ని మాట్లాడనివ్వండి. కోపం వస్తే రానివ్వండి. ఆ కోపాన్ని చల్లార్చాలని “చూద్దాం అండీ, నెలాఖరుకల్లా ఏదో ఒకటి అవుతుంది” అన్నారా, చెప్పిన నిజమంతా ఆ ఒక్క వాక్యంతో కొట్టుకుపోతుంది. ఆయన ఇంట్లో చెప్పుకునేది ఆ చివరి మాటే.

ఈ ఒక్కరోజుకి ఎందుకింత తొందర అంటే, మన సాఫ్ట్‌వేర్ కంపెనీల నోటీస్ పీరియడ్ అలాంటిది. చాలాచోట్ల 90 రోజులు. సెప్టెంబరు 1న పేపర్ పెట్టిన మనిషికి లాస్ట్ వర్కింగ్ డే నవంబరు ఆఖర్లో పడుతుంది. పెట్టిన వారం లోపు రాజీనామా వెనక్కి తీసుకుంటానంటే మేనేజర్ సాధారణంగా సంతోషంగానే ఒప్పుకుంటాడు, ఆయనకూ మనిషి దొరకాలి కదా. నెలన్నర గడిచి, ఆ సీటులోకి ఇంకొకరిని తెచ్చి, పని అప్పగించడం మొదలయ్యాక అడిగితే ఒప్పుకోవాలన్న నియమం ఏదీ లేదు. అంటే మీరు ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఆయన చేతిలోని దారి ఒకటి సన్నబడుతూ ఉంటుంది.

ఒకవేళ ఆయన పేపర్ పెట్టేశారే అనుకోండి. అప్పుడు “వెంటనే వెనక్కి తీసుకోండి” అని సలహా ఇవ్వడం కూడా మీ పని కాదు. నోటీసులో ఉన్నవాళ్లకు మార్కెట్లో గిరాకీ ఎక్కువ. నౌక్రీ ప్రొఫైల్‌లో “సర్వింగ్ నోటీస్ పీరియడ్” అని కనబడితే, 30 రోజుల్లో చేరగలరంటే, కాల్స్ పెరుగుతాయని మీకే బాగా తెలుసు. ఆయన ఉన్నచోటే ఉండిపోవాలనుకోవచ్చు, ఇదే అదనుగా ఇంకోచోట వెతుక్కోవాలనుకోవచ్చు. ఏది చేసినా సరైన సమాచారం చేతిలో పెట్టుకుని చేయాలి. మీరు ఇవ్వగలిగింది అదొక్కటే. ఫోన్ పెట్టేసిన అరగంటలో అదే విషయాన్ని మెయిల్‌లో పెట్టండి. టెన్షన్‌లో విన్న మాట సగమే బుర్రకెక్కుతుంది, రాత్రి భార్యకో నాన్నకో చూపించుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

ఇక్కడొక హద్దు చెప్పాలి. ఆఫర్ లెటర్ పంపి, అవతలి మనిషి దానికి ఒప్పుకుని సంతకం చేసి పంపాక “హోల్డ్” అన్న మాట ఇంత తేలిక కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం ప్రతిపాదన చేసినవారు, అవతలివారి అంగీకారం ఇంకా పూర్తి కాకముందే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అంగీకారం పూర్తయ్యాక అది ఒప్పందం కిందికి వస్తుంది. అలాంటివాళ్లు మీ జాబితాలో లేరు కాబట్టి సరిపోయింది. రేపు ఎవరైనా ఉంటే ఆ మెయిల్ మీరు రాయకండి, హెచ్‌ఆర్ హెడ్, కంపెనీ లాయరు కూర్చుని రాయాల్సింది అది.

ఇక మేనేజర్ దగ్గరికి వద్దాం. అభ్యర్థులకు రాసే ముందు అసలు ఈ హోల్డ్ ఏ రకం హోల్డో మీకు తెలియాలి. ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు నడుస్తుంటాయి. పోస్టు అలాగే ఉండి, డబ్బు విడుదల మాత్రం వచ్చే రివ్యూకి వాయిదా పడిందనుకోండి, అది నిజమైన హోల్డ్. క్లయింటు ఇంకా సంతకమే చేయకపోతే పోస్టు పుట్టీపుట్టనట్టు లెక్క. ఇక మూడోది, పోస్టు ఎప్పుడో ఎగిరిపోయింది, ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రావడం లేదు, అందుకని హోల్డ్ అంటున్నారు. ఈ మూడోది మీరు అనుకునేదానికంటే మామూలు విషయం.

ఈ మూడింట్లో మీది ఏదో ఎలా తెలుస్తుంది? మేనేజర్ని “ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగితే “త్వరలో” అనే వస్తుంది. అలా కాకుండా, తేల్చేది ఎవరు, వాళ్లు మళ్లీ ఎప్పుడు కూర్చుంటున్నారు అని అడగండి. పేరు, తేదీ రెండూ వస్తే అది నిజమైన హోల్డ్. ఫైనాన్స్‌వాళ్లని ఈ నాలుగు పోస్టులూ ఈ సంవత్సరం హెడ్‌కౌంట్‌లో ఇంకా ఉన్నాయా అని అడగండి. మీ సిస్టమ్‌లో రిక్విజిషన్ నంబరు తెరిచే ఉందా, ఎవరైనా మూసేశారా చూడండి. అన్నిటికన్నా గట్టి గుర్తు బెంచ్. వేరే ప్రాజెక్టులోంచి బయటికొచ్చిన సొంత జావా వాళ్ల ప్రొఫైళ్లు ఇదే మేనేజర్‌కి వెళుతున్నాయంటే, బయటివాళ్లకి ఆ సీట్లు మళ్లీ తెరుచుకోవడం చాలా కష్టం. ఊరికే కూర్చోబెట్టి జీతం ఇస్తున్న మనిషిని వదిలి కొత్తవాళ్లని తీసుకోమని ఏ ఫైనాన్స్ హెడ్డూ చెప్పడు. అలాంటప్పుడు అభ్యర్థులకు “హోల్డ్” అని రాయడమే అబద్ధం అవుతుంది, “ఈ పోస్టులు మూసేశాం” అని రాయాలి.

“అప్రూవల్‌లో ఉందని చెప్పు” అన్న మాట సంగతి. అప్రూవల్‌లో ఉండటమంటే ఫైలు ఎవరో ఒకరి టేబుల్ మీద కదులుతోందని అర్థం. మీ ఫైలు వెనక్కొచ్చేసింది. కాబట్టి అది మెత్తగా చెప్పిన నిజం కాదు, అబద్ధమే. మేనేజర్‌తో మాత్రం నీతి గురించి వాదన పెట్టుకోకండి, అక్కడ గెలవరు. ఆయన పని వైపు నుంచి చెప్పండి. మూడు నెలలకి పోస్టు తెరుచుకుంటే ఆయనకి కావాల్సింది మీ ఫోన్ ఎత్తే మనుషులు. “ఈ వారమే, వచ్చే వారమే” అని నాలుగుసార్లు విన్న మనిషి అయిదోసారి ఎత్తడు. ఎత్తినా, ఆఫర్ తీసుకుని దాన్ని చూపించి ఇంకోచోట ఎక్కువ అడుగుతాడు, చేరే రోజున స్విచాఫ్. మొదటే నిజం విన్న మనిషి ఇంకోచోట చేరకపోతే మాత్రం తప్పకుండా మాట్లాడతాడు. పైగా ఈ కాలంలో ఏ అభ్యర్థీ ఒక్క కంపెనీ మీదే కూర్చోడు. మీరు చెప్పినా చెప్పకపోయినా చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నవాళ్లు వెళతారు. మీ మౌనం వల్ల ఆగిపోయేది, ఇంకో ఆఫర్ లేక మీ మాటే నమ్ముకున్నవాళ్లు మాత్రమే.

మాట్లాడాక ఒక చిన్న మెయిల్ పెట్టండి: “మనం అనుకున్న ప్రకారం తొమ్మిది మందికి పంపే మెసేజ్ కింద పెడుతున్నాను. రేపు మధ్యాహ్నం పంపుతాను. ఇందులో తప్పుంటే చెప్పండి, సరిచేస్తాను.” “పంపమంటారా?” అని అడగకండి. అడిగితే జవాబు రాదు, జవాబు రాలేదని మీరూ పంపరు, ఇంకో వారం గడుస్తుంది. ఆయన గట్టిగా వద్దంటే మీ హెచ్‌ఆర్ హెడ్ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడా ఆపితే మెయిల్ పంపడం మీ చేతిలో ఉండకపోవచ్చు, కానీ ఫోన్ చేసిన మనిషికి “అప్రూవల్‌లో ఉంది” అనకుండా ఉండటం మీ చేతిలోనే ఉంది. “ప్రస్తుతం ఈ పోస్టులో కదలిక లేదు, మా మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోకండి” అన్నంత మాత్రాన ఎవరి రహస్యమూ బయటపడదు.

నిజం చెప్పడమంటే ఉన్నదంతా వెళ్లగక్కడం కాదని కూడా గుర్తుంచుకోండి. క్లయింటు పేరు, బడ్జెట్ అంకెలు, లోపల ఎవరి ఉద్యోగాలు ఊగుతున్నాయన్న గుసగుసలు, ఇవేవీ అభ్యర్థికి అక్కర్లేదు. మీది స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే ప్రాజెక్టు సంగతి బయటివాళ్లకి చెప్పడం వేరే తలనొప్పి. ఆగింది, కారణం ఆయన కాదు, ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు, మళ్లీ ఫలానా రోజున రాస్తాను. ఈ నాలుగూ తెలిస్తే ఆయన పని ఆయన చూసుకోగలడు.

మీకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ వచ్చే ఉంటుంది: “మీ ప్రొఫైల్ మా టీమ్‌కి ఎంతో నచ్చింది. కొన్ని అంతర్గత ప్రక్రియల వల్ల స్వల్ప ఆలస్యం జరుగుతోంది. త్వరలోనే మిమ్మల్ని సంప్రదిస్తాం. మీ సహనానికి ధన్యవాదాలు.” చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ ఇందులో ఒక్క వాక్యమూ నిలబడదు. “ఎంతో నచ్చింది” అంటే ఎంపికైనట్టే అని చదువుకుంటారు. “స్వల్ప ఆలస్యం” అంటే వారం పది రోజులు అనుకుంటారు, మీకేమో మూడు నెలలో ఆరు నెలలో తెలియదు. “అంతర్గత ప్రక్రియ” అంటే సంతకాలు జరుగుతున్నాయని అర్థం వస్తుంది. “సహనానికి ధన్యవాదాలు” అన్నది మరీ అన్యాయం, ఎదురుచూడమని అడగకుండానే ఎదురుచూస్తున్నందుకు థాంక్స్ చెప్పేశాం. మొత్తం చదివాక ఆ మనిషి చేసేది ఒక్కటే, ఇంకో చోట వచ్చిన కాల్‌కి “ఒక్క వారం టైమ్ ఇవ్వండి” అని చెప్పడం.

దీనికి బదులు టెక్నికల్ రౌండ్లు పూర్తిచేసినవారికి నేనైతే ఇలా రాస్తాను. మీరు ఇంగ్లీషులో రాసుకోండి, వరస మాత్రం మార్చకండి.

“నమస్తే. మీరు ఇంటర్వ్యూ ఇచ్చిన జావా డెవలపర్ పోస్టుకు మా కంపెనీ ఈ వారం నియామకాలు నిలిపివేసింది. ఇది బడ్జెట్‌కు సంబంధించిన నిర్ణయం, మీ ఇంటర్వ్యూతో సంబంధం లేదు. మీరు రెండు టెక్నికల్ రౌండ్లు పూర్తిచేశారు, ప్యానెల్ మిమ్మల్ని తర్వాతి దశకు సిఫారసు చేసింది. అయితే ఇది ఆఫర్ కాదు, నియామకాలు మళ్లీ మొదలైతే ఆఫర్ వస్తుందన్న హామీ కూడా కాదు. ఎప్పుడు మొదలవుతాయో ఇప్పుడు మాకు తెలియదు. దయచేసి మీ ఇతర ఇంటర్వ్యూలు, ఆఫర్లు మా కోసం ఆపుకోవద్దు. అక్టోబరు 10న మీకు మళ్లీ రాస్తాను, అప్పటికి కొత్త విషయం ఏమీ లేకపోయినా రాస్తాను. ఈలోగా మీరు వేరేచోట చేరితే ఒక్క లైను రాస్తే చాలు. నా నంబరు కింద ఉంది.”

ఇందులో మొదటి వాక్యంలోనే “నిలిపివేసింది” వచ్చేసింది చూడండి. చాలామంది ఆ మాటను మూడో పేరాలో దాస్తారు. ఫోన్ స్క్రీన్ మీద మెయిల్ తెరవకుండానే కనబడేది మొదటి లైనే, అసలు కబురు అక్కడే ఉండాలి. సబ్జెక్టు లైనులో కూడా “అప్‌డేట్” అని మాత్రమే పెట్టకండి, ఆఫర్ లెటర్ అనుకుని ఆశగా తెరుస్తారు. “జావా డెవలపర్ పోస్టు: నియామకాలు నిలిపివేత” అని ఉంటే చాలు.

“ప్యానెల్ సిఫారసు చేసింది” అన్న వాక్యం నిజంగా చేసినవారికే. ఇక్కడే చాలా కంపెనీలు దొంగదారి తొక్కుతాయి. మీ తొమ్మిది మందిలో మేనేజర్ వద్దనుకున్నవారు ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు, ఆ ముక్క వాళ్లకి ఇంకా చెప్పి ఉండరు. హోల్డ్ రాగానే హమ్మయ్య, రిజెక్ట్ అని చెప్పే బాధ తప్పిందని వాళ్లనీ అదే మెయిల్‌లో కలిపేయాలనిపిస్తుంది. కలపకండి. పోస్టు తెరుచుకున్నా వాళ్లకి రాదని మీకు తెలుసు, వాళ్లకి తెలియదు. వాళ్లకి విడిగా “ఈసారి మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లడం లేదు” అని రాయండి. హోల్డ్ మాట అందులో అసలు తేకండి. తెస్తే, బడ్జెట్ ఉంటే తీసుకునేవారేమో అన్న అనుమానం మిగులుతుంది.

ఆ తేదీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్టోబరు 10 అన్నది పోస్టు తెరుచుకునే తేదీ కాదు, నేను ఉత్తరం రాసే తేదీ. మొదటిది క్లయింటు చేతిలో ఉంది, రెండోది నా చేతిలో ఉంది. నా చేతిలో ఉన్నదాని గురించే నేను మాట ఇవ్వగలను. క్లయింటు రివ్యూ సెప్టెంబరు ఆఖర్లో ఉందని మేనేజర్ చెప్పారనుకోండి, దానికి వారం పది రోజుల తర్వాతి తేదీ పెట్టుకోవాలి, అలాంటి మీటింగులు వెనక్కి జరుగుతూ ఉంటాయి కాబట్టి. రివ్యూ తేదీని అభ్యర్థికి చెప్పకపోవడమే మంచిది. “సెప్టెంబరు 30న రివ్యూ ఉంది” అంటే అవతలి మనిషి చెవిలో “అక్టోబరు 1న ఆఫర్” అని పడుతుంది. తేదీని క్యాలెండర్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి. మీరు సెలవులో ఉంటే పక్క సీటు వాళ్లకి అప్పగించి వెళ్లండి. ఆ రోజున కొత్త విషయం లేకపోతే “పరిస్థితి మారలేదు, నియామకాలు ఇంకా ఆగే ఉన్నాయి” అని రెండు లైన్లు చాలు.

అలా ఎన్నాళ్లు? రెండుసార్లు రాశాక కూడా మారకపోతే మూడోసారి మీరే ముగించేయండి: “ఈ పోస్టుకు మీ దరఖాస్తును ఇక్కడితో ముగిస్తున్నాం. మళ్లీ తెరుచుకుంటే కొత్తగా సంప్రదిస్తాం, అప్పటికి మీకు ఆసక్తి ఉంటే మాట్లాడుకుందాం.” ముగించడం కఠినంగా అనిపిస్తుంది కానీ, ఏడు నెలలుగా “హోల్డ్” అని చూపిస్తున్న స్టేటస్ ఎవరికీ పనికిరాదు. “మీకే మొదటి ప్రాధాన్యం ఇస్తాం” అని రాయాలని చేయి లాగుతుంది. మేనేజర్ ఆ మాట రాతపూర్వకంగా ఇస్తే తప్ప రాయకండి. ఆరు నెలల్లో మేనేజరే మారిపోవచ్చు, కొత్తాయన తన పాత టీమ్ నుంచి మనుషుల్ని తెచ్చుకుంటాడు. ఇంటర్వ్యూ ఫలితాలు ఎంతకాలం చెల్లుతాయన్నది మాత్రం మీ కంపెనీ నియమం చూసి చెప్పండి. కొన్నిచోట్ల ఆరు నెలలు దాటితే మళ్లీ మొదటి నుంచి రౌండ్లు ఇవ్వాలి. అది తెలిస్తే అభ్యర్థి ఎదురుచూపుకి విలువ ఎంతో తనే లెక్కేసుకుంటాడు.

ఈ వారం ఇంటర్వ్యూలున్నవారికి వాటిని రద్దు చేయండి. “ఎలాగూ షెడ్యూల్ అయింది కదా, కానిచ్చేద్దాం, ప్రొఫైల్ రెడీగా ఉంటుంది” అని ప్యానెల్ అంటుంది. అవతలి మనిషి సెలవు పెట్టుకుని, మీటింగ్ రూమ్ వెతుక్కుని, గంటన్నర కోడింగ్ రాయాలి, ఉందో లేదో తెలియని పోస్టుకి. విషయం ముందే చెప్పి, అయినా ఇస్తానని ఆయనే అంటే అది వేరే సంగతి. ఫోన్ స్క్రీనింగ్ మాత్రమే అయినవాళ్లకు మూడు లైన్ల మెయిల్ చాలు. ఎవరిదగ్గరా పే స్లిప్పులు, ఫారం 16, రిలీవింగ్ లెటర్లు అడగకండి. ఆ కాగితాలు అడిగారంటే ఉద్యోగం వచ్చినట్టేనని మన ఊళ్లో ప్రతి ఇంట్లో తెలుసు. నోటితో హోల్డ్ అంటూ చేత్తో డాక్యుమెంట్లు తీసుకుంటే ఎవరు ఏది నమ్మాలి?

మీరు నిజం చెప్పినా, మీకు తెలియకుండా అబద్ధం చెప్పేవి రెండు మూడు ఉంటాయి. నౌక్రీలో, లింక్డిన్‌లో మీ పోస్టు ఇంకా కనబడుతుంటే ఈరోజే దించేయండి. హోల్డ్ అని మెయిల్ అందుకున్న మనిషి సాయంత్రం అదే ప్రకటన చూస్తే, తనని వద్దనుకుని వేరేవాళ్లని వెతుకుతున్నారని నమ్ముతాడు. ఆయన్ని తప్పు పట్టలేం. మీ సిస్టమ్‌లో స్టేటస్ మారగానే దానంతట అదే వెళ్లే మెయిల్ ఏముందో తెరిచి చదవండి, చాలాసార్లు “హోల్డ్” నొక్కితే “మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది” అని వెళుతుంటుంది. కన్సల్టెన్సీల ద్వారా వచ్చినవాళ్లు ఉంటే, కన్సల్టెన్సీకి మీరు రాసిన మెసేజ్‌నే పంపి, ఇంతకు మించి చెప్పొద్దనండి. వాళ్ల కమిషన్ అభ్యర్థి చేరితేనే వస్తుంది కాబట్టి “ఈ వారం ఆఫర్ పక్కా సార్” అనడం వాళ్లకి అలవాటు. అభ్యర్థికి మీరు నేరుగా కూడా చెప్పడం మంచిది. ఎవరినైనా మీ ఉద్యోగే రెఫర్ చేసి ఉంటే ఆ ఉద్యోగికీ అదే రోజు చెప్పండి, లేకపోతే లంచ్ టేబుల్ దగ్గర ఇంకో కథ పుడుతుంది.

మెయిల్ వెళ్లాక ఫోన్లు వస్తాయి. అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. “అంచనాగా అయినా చెప్పండి మేడమ్, నెలా, రెండు నెలలా?” అంటే అంచనా చెప్పకండి. మీ అంచనా ఆయనకు తేదీ అయిపోతుంది. “నాకు తెలిస్తే దాచను, నిజంగా తెలియదు” అనండి. “ఇంకోచోట ఆఫర్ ఉంది, శుక్రవారం లోపు చెప్పాలి, ఏం చేయమంటారు?” అంటే ఆ కంపెనీ మంచిదా కాదా అన్న చర్చలోకి దిగకండి. “మా దగ్గర మీకు ఈరోజు ఏమీ లేదు. మేం లేమనుకుని ఆలోచించుకోండి” అనండి. మీ నోటి నుంచి రావడం కష్టమే, పైగా మేనేజర్ వింటే గుండెలు బాదుకుంటారు, కానీ ఆయన అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు అదే.

అన్నిటికంటే కష్టమైన ఫోన్ ఒకటుంటుంది. “మీ మీద నమ్మకంతో పోయిన వారం ఇంకో ఆఫర్ వదులుకున్నాను.” దీనికి మీ దగ్గర పరిష్కారం లేదు. “మా మాట వల్ల మీకు నష్టం జరిగింది, క్షమించండి” అని ఒకసారి స్పష్టంగా అని, ఆ కంపెనీకి వెంటనే తిరిగి రాయమని చెప్పండి. వద్దని వారమే అయితే ఆ సీటు ఇంకా నిండి ఉండకపోవచ్చు. మీకు తెలిసిన వేరే కంపెనీ రిక్రూటర్లు ఉంటే, ఆయన ఒప్పుకుంటే ప్రొఫైల్ పంపండి. దాన్నీ హామీగా చెప్పకండి, “పంపాను, వాళ్లు పిలుస్తారో లేదో నాకు తెలియదు” అనండి.

ఒకవేళ అక్టోబరులో బడ్జెట్ వచ్చి పోస్టులు తెరుచుకున్నాయనుకోండి. మేనేజర్ పరుగెత్తుకొచ్చి “అందరికీ ఫోన్ చేసేయ్” అంటారు. అప్పుడు కూడా ఒక రోజు ఆగి, రిక్విజిషన్ మళ్లీ తెరిచినట్టు, ఫైనాన్స్ ఒప్పుకున్నట్టు మెయిల్ చేతికొచ్చాకే ఫోన్ ఎత్తండి. నాలుగు పోస్టులు రెండయ్యాయేమో, జీతం పరిధి తగ్గిందేమో ముందే చూసుకోండి. జీతం మాట్లాడుకున్న ఆయనకు మొదటి ఫోన్ చేసి “అప్పుడనుకున్న అంకె ఇప్పుడూ అంతే” అనగలిగితేనే ఆ మాట అనండి. మారితే మారిందని మొదటి నిమిషంలో చెప్పండి. ఆఫర్ లెటర్ మెయిల్‌లోకి వచ్చి, చదువుకుని, సంతకం చేసేదాకా పేపర్ పెట్టొద్దని ఆయనకు ఈసారి కూడా మీరే గుర్తుచేయండి.